లిఫ్టు ఉందండీ!

“రెండో అంతస్తండీ, లిఫ్టు ఉంది” అన్నాడు ఇంటి ఓనరు ఫోన్లో. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. అమ్మనీ నాన్ననీ కారెక్కించుకుని ఇల్లు చూపించడానికి తీసుకెళ్లాను. నాన్న వాకరుతో నడుస్తాడు. అమ్మకి ఒక మోకాలికి ఆపరేషన్ అయింది. మెట్లెక్కగలదు కానీ పక్కన పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, మధ్యలో ఓసారి ఆగాలి.

గేటు దాటగానే అయిదు మెట్లు. పట్టుకోవడానికి కమ్మీ లేదు, అటూ ఇటూ పూలకుండీలున్నాయి. నాన్నని నేనూ, వాకర్‌ని డ్రైవరూ పట్టుకుని పైకి చేర్చాం. లిఫ్టు ఎక్కాం, అది బాగానే కదిలింది. తలుపు తెరుచుకున్న చోట మాత్రం ఇల్లు లేదు, మెట్ల మలుపు ఉంది. ఇల్లు అక్కణ్నుంచి ఇంకా తొమ్మిది మెట్లు పైన. “కట్టినప్పుడు లిఫ్టు లేదండీ, తర్వాత పెట్టించాం. మెట్ల పక్కనే చోటు దొరికింది, అందుకని మలుపుల దగ్గర ఆగుతుంది” అన్నాడు ఓనరు, అదో విశేషంలాగా. పాత భవనాలకి బయటి గోడనానుకుని లిఫ్టు తర్వాత కలిపితే ఇలాగే అవుతుంటుంది. ప్రతి అంతస్తుకీ సగంలో దింపుతుంది.

నాన్న లిఫ్టు దగ్గరే నిలబడిపోయాడు. “మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటా” అన్నాడు. అమ్మ మొహమాటానికి పైకెక్కింది. వంటిల్లు బాగుందంది. దిగేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి మోకాలు వాచింది, రెండు రోజులు మంచం దిగలేదు.

ఓనరు మీద కోపగించుకుందామంటే దారి లేదు, ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇల్లు రెండో అంతస్తే, లిఫ్టూ ఉంది. లోపం నా ప్రశ్నలో ఉంది. “ఉందా?” అని అడిగితే “ఉంది” అనే వస్తుంది. నాకు కావాల్సింది లిఫ్టు కాదు, రోడ్డు మీద కారు దిగిన చోటి నుంచి నాన్న మంచం దాకా ఎన్నిసార్లు కాలెత్తి పైన వేయాలి అన్న లెక్క. ఆ లెక్కని నేను అడగనే లేదు.

ఆ తర్వాత నుంచి ఓనరు రాతపూర్వకంగా జవాబివ్వకుండా ఏ ఇంటికీ అమ్మానాన్నల్ని తీసుకెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. దీని మీద మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. “వెళ్లి చూస్తే పోయేదానికి ఉత్తరాలేంట్రా? నువ్వు ప్రశ్నాపత్రం పంపితే ఓనరు ఇంకొకళ్లకి ఇచ్చేసుకుంటాడు” అని మా తమ్ముడు. వాడి మాటలో సగం నిజమే ఉంది. ఇలా అడిగినందుకు ఇద్దరు ముగ్గురు ఓనర్లు మళ్లీ పలకనే లేదు. కానీ “వెళ్లి చూస్తే పోయేది” అన్నది ముప్ఫై అయిదేళ్లవాడి లెక్క. వాడికి ఒక ఇల్లు చూడటమంటే ఒక గంట పని. మా అమ్మకి ఒక ఇల్లు చూడటమంటే రెండు రోజుల నొప్పి. ఇల్లు చూడ్డానికి రావడమే వాళ్లకి పెద్ద పరీక్ష అయినప్పుడు, ఆ పరీక్షతో తేలాల్సిన విషయాన్ని ముందే కాగితం మీద తేల్చుకోవాలి కదా.

“అయితే నువ్వొక్కడివే వెళ్లి చూసిరా” అన్నాడు మళ్లీ. అదీ సరిపోదు. నేను వాణ్ని ఒక్కటే అడిగాను: “మీ ఇంటికి గేటు దగ్గర్నుంచి ఎన్ని మెట్లు?” ఆరేళ్లుగా అక్కడ ఉంటున్నాడు. “మూడో నాలుగో” అన్నాడు. వెళ్లి లెక్కపెడితే ఏడు. కాళ్లు బాగున్నవాడి కళ్లకి మెట్లు ఆనవు. ఫోన్లో అడిగితే ఓనరుదీ అదే పరిస్థితి, “ఏదో రెండు మూడు మెట్లండీ” అంటాడు, అదీ మంచి మనసుతోనే. రాసి పంపమంటే మాత్రం లేచి వెళ్లి లెక్కపెట్టాలి, లేదా వాచ్‌మన్‌ని అడగాలి. రాయమని అడగడంలో నాకు కనిపించిన మొదటి లాభం అది. సాక్ష్యంగా పనికొస్తుందన్నది ఆ తర్వాతి మాట.

నేను పంపే ఉత్తరం ఇదీ. మెసేజ్‌గానే పంపుతాను, ఉత్తరం అనడం నా అలవాటు.

“నమస్కారమండి. మీ ఇల్లు అద్దెకుందని తెలిసింది. మేం నలుగురం, అందులో ఇద్దరు పెద్దవాళ్లు. ఒకరు వాకరుతో నడుస్తారు. చూడ్డానికి వచ్చే ముందు ఈ ఆరు సంగతులు తెలిస్తే మీకూ మాకూ శ్రమ తగ్గుతుంది.

1. కారు ఆగే చోటి నుంచి లిఫ్టు తలుపు దాకా ఎన్ని మెట్లున్నాయి? పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఏ పక్కన ఉంది?
2. లిఫ్టు దిగాక ఇంటి గుమ్మం దాకా ఎన్ని మెట్లు?
3. నేల నుంచి లెక్కపెడితే, పార్కింగ్‌ని కూడా కలిపి, ఇల్లు ఎన్నో అంతస్తు?
4. లిఫ్టు తలుపు పూర్తిగా తెరిచినప్పుడు మనిషి దూరే సందు ఎన్ని సెంటీమీటర్లు? తలుపు తనంతట తెరుచుకుంటుందా, చేత్తో లాగాలా?
5. కరెంటు పోతే లిఫ్టు నడుస్తూనే ఉంటుందా, లేక దగ్గరి అంతస్తుకి చేరి ఆగిపోతుందా? గడిచిన మూడు నెలల్లో ఎన్నిసార్లు చెడింది, ఎక్కువలో ఎక్కువ ఎన్ని గంటలు ఆగింది?
6. దగ్గర్లో మందుల షాపు, డాక్టరు ఎవరున్నారో పేర్లు చెబితే చాలు, దూరం మేం చూసుకుంటాం. అంబులెన్సు గేటు దాకా వస్తుందా?

గేటు దగ్గర్నుంచి ఇంటి తలుపు దాకా నడుస్తూ, మధ్యలో ఆపకుండా ఫోనుతో ఒక వీడియో తీసి పంపగలిగితే మొదటి రెండిటికీ జవాబు రాయనక్కర్లేదు.”

ఇంతే. చివరి వాక్యం మా ఆవిడ కలిపింది, అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది అదే. రాయడానికి బద్ధకించేవాళ్లు కూడా వీడియో తీస్తారు. మధ్యలో ఆపకూడదని ఎందుకంటే, విడివిడి ఫోటోల్లో మెట్లు ఎప్పుడూ రెండు ఫోటోల మధ్యనే ఉంటాయి.

మూడో ప్రశ్న చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది. అంతస్తుల లెక్క ప్రపంచమంతా ఒకటి కాదు. కొన్ని దేశాల్లో నేలమట్టం ఇల్లే మొదటి అంతస్తు, కొన్నిచోట్ల దాని పైది మొదటిది. కింద పార్కింగ్ వదిలి కట్టిన భవనాల్లో పార్కింగ్‌ని లెక్కలో వేసేవాళ్లూ ఉన్నారు, వేయనివాళ్లూ ఉన్నారు. పదమూడో నెంబరే లేకుండా పన్నెండు తర్వాత పద్నాలుగు అని రాసుకునే భవనాలూ ఉన్నాయి. అంచేత “మొదటి అంతస్తు” అన్న మాటకి నేల మీద అన్న అర్థమూ ఉండొచ్చు, ముప్ఫై ఆరు మెట్ల పైన అన్న అర్థమూ ఉండొచ్చు.

లిఫ్టు ఉన్నప్పుడు ఎన్నో అంతస్తైతే ఏం అంటారు. లిఫ్టు నడిచే రోజున ఏమీ కాదు. నేను అంతస్తు అడిగేది లిఫ్టు నడవని రోజు కోసం. ఒక అంతస్తుకి మూడు మీటర్ల ఎత్తు, మెట్టుకి పదహారూ పదిహేడు సెంటీమీటర్లు అనుకుంటే పద్దెనిమిది మెట్లు అవుతాయి. నాలుగంతస్తులంటే డెబ్బై రెండు. నిప్పంటుకున్నప్పుడు లిఫ్టు ఎక్కకూడదన్నది అందరికీ తెలిసిన నియమమే, కాబట్టి అన్నిటికంటే గడ్డురోజున వాళ్లు దిగాల్సింది మెట్లమీదే. అమ్మ కమ్మీ పట్టుకుని మధ్యలో ఆగుతూ పద్దెనిమిది మెట్లు దిగగలదు. నాన్నని ఇద్దరు కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క అంతస్తైతే దింపగలం, నాలుగు దింపలేం. అందుకని నేల పైన ఒక్క అంతస్తు దాటకూడదని మాకు మేమే గీత గీసుకున్నాం. ఇంకొకరి గీత ఇంకోచోట ఉండొచ్చు. కానీ అది గాలి వెలుతురుని బట్టి కాక మెట్ల లెక్కని బట్టి పడాలి.

“అయితే కింది ఇల్లే తీసుకో, గొడవ వదిలిపోతుంది” అని ప్రతివాళ్లూ అంటారు. కింది ఇంటికి మెట్లుండవన్నది భ్రమ. వాన నీళ్లు లోపలికి రాకుండా పునాది మట్టాన్ని నేల కంటే ఎత్తుగా లేపుతారు. అరవై సెంటీమీటర్లు లేపితే నాలుగు మెట్లు. రోడ్డు మట్టం నుంచే లిఫ్టు మొదలయ్యే భవనంలో పై అంతస్తు ఇంటికి ఒక్క మెట్టూ ఉండకపోవచ్చు. వాకరుతో నడిచేవాడికి నాలుగు మెట్ల కింది ఇల్లు కంటే సున్నా మెట్ల పై ఇల్లే కిందది.

కరెంటు సంగతి అడిగేటప్పుడు “బ్యాకప్ ఉందా” అని అడగొద్దు. ఆ మాటకి మూడు అర్థాలున్నాయి. జనరేటర్ మీద లిఫ్టు మామూలుగా నడవడం ఒకటి. వరండా లైట్లు మాత్రం వెలగడం ఇంకొకటి. మూడోది, లిఫ్టులో ఒక బ్యాటరీ అమరిక ఉంటుంది, కరెంటు పోగానే లిఫ్టుని దగ్గరి అంతస్తుకి చేర్చి తలుపు తెరుస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది. లోపల ఇరుక్కుపోకుండా కాపాడేది అదే, మంచి అమరిక. కానీ నాన్న ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం కరెంటు లేకపోతే అది ఆయన్ని పైకి తీసుకెళ్లదు. ఓనర్లు మూడిటినీ కలిపి బ్యాకప్ అనే అంటారు, వాళ్ల తప్పు కాదు. అందుకే వస్తువుని వదిలేసి, కరెంటు పోయినప్పుడు అది ఏం చేస్తుందో అడుగుతాను.

తలుపు సందుకీ ఒక కారణం ఉంది. ఇప్పుడు వాకరే, రేపు చక్రాల కుర్చీ కావచ్చు. పెద్దవాళ్ల కుర్చీ చాలావరకు అరవై అయిదు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు ఉంటుంది, చక్రాలు తిప్పే చేతికి కొంత చోటు కావాలి. ఎనభై సెంటీమీటర్ల సందు లేకపోతే రోజూ వేళ్లు గీరుకోవడమే. లోపలి చోటు సంగతికొస్తే, యూరపు ప్రమాణాల్లో కుర్చీతో పాటు తోసే మనిషి కూడా పట్టే లిఫ్టుకి 110 సెంటీమీటర్ల వెడల్పు, 140 లోతు చెబుతారు. అందులో కూడా స్ట్రెచర్ పడుకోబెట్టినట్టు పట్టదు. నలుగురు మనుషుల బరువుకి చేసిన బుల్లి లిఫ్టుల్లో కుర్చీ పట్టినా తోసేవాళ్లు మెట్లెక్కాల్సిందే. చేత్తో లాగే ఇనప జాలీ తలుపైతే ఇంకో చిక్కు: అది లాగడానికి వాకర్‌ని వదలాలి.

ఇక “దగ్గర్లో అన్నీ ఉన్నాయండీ” అనే మాట. జపాన్‌లో ఇళ్ల ప్రకటనల్లో నడక నిమిషాలు రాయాలంటే 80 మీటర్లకి ఒక నిమిషం చొప్పున వేయాలని నియమం ఉంది. “అయిదు నిమిషాలు” అంటే 400 మీటర్లన్నమాట, కనీసం అర్థం ఒకటుంది. మిగతాచోట్ల అయిదు నిమిషాలంటే ఓనరు స్కూటర్ మీద అయిదు నిమిషాలు. నాన్నని ఒకరోజు గడియారం పెట్టి నడిపించాను. నిమిషానికి నలభై మీటర్లు, నూటయాభై మీటర్లకోసారి కూర్చోవాలి. జపాన్ అయిదు నిమిషాలే ఆయనకి పది, పైగా రెండు చోట్ల కూర్చోవడానికి గట్టు కావాలి, మధ్యలో రోడ్డు దాటాల్సి వస్తే ఆ ప్రయాణమే లేదు. అందుకని ఓనర్ని నిమిషాలూ దూరాలూ అడగడం మానేశాను. షాపు పేరు చెబితే చాలు, మ్యాప్‌లో దూరం చూసి, సాయంత్రం ఓసారి నేనే నడిచి, కాలిబాట ఉందో లేదో చూసుకుంటాను.

మొదట్లో రాసిన చిత్తుప్రతిలో అమ్మ ఆపరేషన్, నాన్న వయసు, బీపీ అన్నీ ఉన్నాయి. మా ఆవిడ చదివి “ఇది ఇంటికోసం రాసినట్టు లేదు, ఆస్పత్రిలో చేర్చుకోమన్నట్టుంది” అని కొట్టేసింది. కరెక్టే. జబ్బుల పేర్లు చూడగానే ఓనరుకి ఇంట్లో ఏదైనా జరిగితే ఎలా అన్న భయం పట్టుకుంటుంది, పైగా అది మన ఇంటి గుట్టు. భవనం గురించి అడిగితే చాలు. “ఒకరు వాకరుతో నడుస్తారు” అన్నది మాత్రం ఉంచాను. ప్రశ్నలెందుకు అడుగుతున్నామో తెలియకపోతే తిక్క మనిషిలా కనిపిస్తాం.

చివరికి ముగ్గురు ఓనర్ల జవాబుల మీద నిర్ణయం ఆధారపడింది. ఒకాయన “అన్ని సౌకర్యాలూ ఉన్నాయి, వచ్చి చూడండి” అని ఒక్క ముక్క రాశాడు. మరోసారి అడిగినా అదే. వెళ్లలేదు. అక్కడ ఒక్క మెట్టూ లేకపోయి ఉండొచ్చు, తమ్ముడు ఇప్పటికీ అదే అంటాడు. కానీ ఇల్లు ఇవ్వకముందు మెట్లు లెక్కపెట్టడానికి తీరికలేని మనిషి, ఇచ్చాక లిఫ్టు చెడితే మెకానిక్‌ని పిలుస్తాడా అన్న అనుమానం నాది.

రెండో ఆవిడ ఆరిటికీ వరసగా రాశారు. నాలుగు మెట్లు, కమ్మీ లేదు, జాలీ తలుపు, డెబ్బై సెంటీమీటర్లు. “మీవాళ్లకి కష్టమవుతుందేమో” అని కూడా ఆవిడే రాశారు. కమ్మీ మేం పెట్టించుకోవచ్చా అని అడిగితే, అది అందరి మెట్లు కాబట్టి మిగతా ఇళ్లవాళ్లు ఒప్పుకోవాలన్నారు. కమ్మీ వచ్చినా ఆ తలుపు మారదు. కృతజ్ఞతలు చెప్పి వదిలేశాం. అమ్మ మోకాలు క్షేమం.

మూడో ఆయన జవాబు చూడగానే బాగుంది: పార్కింగ్ పైన మొదటిదే ఇల్లు, లిఫ్టు దిగాక సున్నా మెట్లు, జనరేటర్ మీద లిఫ్టు నడుస్తుంది, మూడు నెలల్లో ఒక్కసారి ఆగింది, అది మూడు గంటలు. లిఫ్టు దాకా “మెట్లు లేవు, ర్యాంపు ఉంది” అని రాశాడు. ఆ ర్యాంపు దగ్గర ఆగాను. ఎంత ఎత్తుకి ఎంత పొడవని ఇంకో మెసేజ్ పెట్టాను. నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్ల పొడవు. ఒక పాలు ఎత్తుకి పన్నెండు పాళ్ల పొడవు ఉండాలన్నది చాలా దేశాల్లో పాటించే కొలత. ఆ లెక్కన అయిదు మీటర్ల నలభై ఉండాలి. ఇది కార్ల కోసం పోసిన వాలు, దిగేటప్పుడు వాకరు మనిషి కంటే ముందు పోతుంది. ఆ మాటే రాశాను. గంట తర్వాత జవాబొచ్చింది: “వెనకవైపు పార్కింగ్ నుంచి లిఫ్టుకి సమంగా ఇంకో తలుపుందండీ. ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది, గుర్తు రాలేదు. తాళంచెవి మీకొకటి ఇస్తాను.”

ఆ తలుపు ఫోన్లో దొరికేది కాదు, నేనొక్కణ్నే వెళ్లి చూసినా దొరికేది కాదు. ఆ ఒక్క వాక్యాన్ని, తాళంచెవి సంగతితో సహా, తర్వాత అద్దె ఒప్పందంలో రాయించాను. ఆయనా అభ్యంతరం చెప్పలేదు, అప్పటికే రాసిచ్చిన మాటే కదా.

ఆ తర్వాతే ఇంటికి వెళ్లాను, అదీ మొదట నేనొక్కణ్నే, చేతిలో టేపుతో. కాగితం చెప్పలేనివి అప్పుడు బయటపడ్డాయి. తలుపు సందు తొంభై అని రాశాడాయన, కొలిస్తే ఎనభై. చట్రాన్ని కొలిచాడు, తలుపు రెక్క లోపలికి మిగిలిపోయే పది సెంటీమీటర్లని తీసేయలేదు. ఎనభై మాకు సరిపోతుంది కాబట్టి సరే. ఇంకొకటి, లిఫ్టు ఆగినప్పుడు దాని నేల వరండా నేల కంటే రెండు సెంటీమీటర్లు కిందకి ఉండిపోతోంది. కొత్త లిఫ్టులకి సెంటీమీటరు తేడా వరకే ఒప్పుకుంటారు. రెండు సెంటీమీటర్ల గట్టు నాకు తెలియను కూడా తెలియదు, నాన్న వాకరు చక్రం అక్కడే తగులుతుంది. ఏడెనిమిదిసార్లు పైకీ కిందకీ తిరిగి, ప్రతిసారీ అంతే ఉందని చూసుకుని, సరిచేయించమని మళ్లీ రాసే అడిగాను. మేం ఆ ఇంట్లో చేరేలోపు మెకానిక్ వచ్చి సరిచేశాడు.

అప్పుడు తీసుకెళ్లాను అమ్మానాన్నల్ని. వెనక తలుపు గుండా సమంగా వెళ్లి, లిఫ్టెక్కి, దిగి, నేరుగా ఇంట్లోకి. నాన్న గుమ్మం దగ్గర ఆగి, “మెట్లేవిరా?” అన్నాడు.

నేను అడగడం మరిచినది ఒకటుందని చేరిన వారానికి తెలిసింది. నాన్న సగం లోపలికి వెళ్లేసరికి లిఫ్టు తలుపు మూసుకోబోతోంది. తగిలితే వెనక్కి పోతుంది కానీ ఆయన బెదిరిపోతున్నాడు. తలుపు ఎంతసేపు తెరుచుకుని ఉండాలో లిఫ్టులో పెంచుకునే వీలుంటుందట. మెకానిక్ కాసేపట్లో నాలుగు సెకన్లని తొమ్మిది చేసి వెళ్లాడు. ఇప్పుడు పైనింటి కుర్రాడు తలుపు ముయ్యడానికి బటన్ టకటకా నొక్కుతుంటాడు. మా పిన్ని వాళ్లు ఇల్లు వెతుకుతున్నారని ఉత్తరం పంపమంటే, ఏడో ప్రశ్నగా దాన్నీ కలిపి పంపాను.